సర్వేలో లెక్కకొచ్చిన ఇంటి బంగారం: వారసత్వం, కానుక, కొనుగోలు రుజువులతో జవాబు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదాయపు పన్ను అధికారులు సెక్షన్ 133ఎ కింద వ్యాపార స్థలంలో సర్వేకి వచ్చినప్పుడు, దుకాణం ఇనప్పెట్టెలో ఇంటి నగలు కనబడటం మామూలే. ఇంట్లో కన్నా కొట్లోనే భద్రమని చాలామంది అక్కడే పెడతారు. కొన్ని నెలల తర్వాత "ఈ బంగారం ఎక్కడిది?" అని నోటీసు వస్తుంది. నగల వ్యాపారం చేయని సాధారణ వ్యాపారికి అలాంటి నోటీసు వచ్చినప్పుడు జవాబు ఎలా కట్టుకోవాలో ఇక్కడ రాశాం. ఇక్కడ వాడిన సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి రావడంతో నంబర్లు మారాయి. కాబట్టి మీ నోటీసులో ఏ చట్టం, ఏ సెక్షన్ రాశారో ముందు చూసుకోండి.

సర్వేకి వచ్చినవాళ్లు బంగారం పట్టుకెళ్లొచ్చా?

పట్టుకెళ్లకూడదు. నగదు, సరుకు, విలువైన వస్తువులు ఏవీ ఎట్టి పరిస్థితిలోనూ ఆ చోటు నుంచి కదిలించరాదని 133ఎ(4) చెబుతోంది. నగలు తూచి జాబితా రాయొచ్చు, మిమ్మల్ని ప్రశ్నలు అడగొచ్చు, కారణం రాసిపెట్టి పుస్తకాలూ కాగితాలూ తమ దగ్గర ఉంచుకోవచ్చు. ఆ కాగితాలను కూడా సెలవులు కాక పదిహేను రోజులు దాటి ఉంచుకోవాలంటే పై అధికారి అనుమతి కావాలి.

అయితే సర్వే మధ్యలోనే వారెంటు తెప్పించి దాన్ని సెక్షన్ 132 సోదాగా మార్చే అవకాశం ఉంది. సోదాలో నగలు స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకుంటుంది. మీకు చూపించిన కాగితం మీద ఏ సెక్షన్ ఉందో చదవమనేది అందుకే.

ఆ రోజు "ఇవి ఎవరివి?" అని అడిగితే ఏం చెప్పాలి?

ఎవరివైతే వాళ్ల పేరు, నగ నగకీ విడిగా చెప్పాలి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. కంగారులోనో, ఇంటి ఆడవాళ్లను ఇందులోకి లాగడం ఇష్టం లేకనో "అన్నీ మావే సార్" అనేస్తారు. స్టేట్‌మెంటులో అది "అన్నీ నావే" అయి కూర్చుంటుంది. వడ్డాణం, కాసులపేరు, ఆరు గాజులు యాభై రెండేళ్ల మగమనిషివి ఎలా అవుతాయని అప్పుడెవరూ అడగరు. ఆ ప్రశ్న ఆరు నెలల తర్వాత మీరే వేసుకోవాల్సి వస్తుంది.

గుర్తులేని బరువులు ఊహించి చెప్పొద్దు. "ఇది మా అమ్మది, ఆమెకు వాళ్లమ్మ నుంచి వచ్చింది, బరువు తెలియదు, కాగితాలు చూసి చెబుతాను" అన్నది పూర్తి జవాబే. జాబితాలో ప్రతి నగకీ స్థూల బరువు, నికర బరువు రెండూ రాయించండి. నల్లపూసల గొలుసులో పూసలు, పాత కంటెలో లక్క, రాళ్ల హారంలో రాళ్లు బంగారం కాదు. స్థూల బరువొకటే రాస్తే వాటన్నిటికీ బంగారం ధరే కట్టేస్తారు. జాబితా ప్రతి పేజీ చదివాకే సంతకం చేసి, నకలు అడిగి తీసుకోండి.

దుకాణంలో దొరికింది కాబట్టి అంతా యజమానిదే అంటారా?

మొదట అలాగే అనుకుంటారు. సర్వేలో ఒకరి దగ్గర దొరికిన వస్తువు వారిదేనని అనుకోవచ్చని సెక్షన్ 292సీ ఉంది. కానీ అది అనుకోవడం మాత్రమే, ఎదురు రుజువు చూపితే నిలవదు.

అసలు పన్ను వేసేది సెక్షన్ 69ఎ కింద. అది అంటుకోవాలంటే ఆ బంగారానికి మీరు యజమాని అని తేలాలి, మీ పుస్తకాల్లో అది లేకపోవాలి, మీరు వివరణ ఇవ్వకపోవడమో ఇచ్చిన వివరణ నమ్మదగ్గది కాకపోవడమో జరగాలి. అప్పుడు దాన్ని ఆదాయంగా పరిగణించవచ్చు. చట్టంలోని మాట "పరిగణించవచ్చు" అనే, "పరిగణించాలి" అని కాదు. దీనికి సోదర సెక్షన్ అయిన 69లోని ఇదే మాట మీద సుప్రీంకోర్టు పి.కె. నూర్జహాన్ కేసులో 1997లోనే తేల్చింది: వివరణ నచ్చనంత మాత్రాన దానంతటదే ఆదాయమైపోదు, అధికారి పరిస్థితులు చూసి నిర్ణయించాలి.

కాబట్టి జవాబు రెండు ప్రశ్నల చుట్టూ తిరగాలి. ఈ నగ ఎవరిది? ఎప్పటినుంచి ఉంది? రెండోదాన్ని జనం తేలిగ్గా తీసుకుంటారు గానీ బరువంతా దానిదే. 2013లో ఉన్న బంగారం ఈ ఏడాది ఆదాయం కాలేదు. పాత సంవత్సరానికి చెందిందని తేలితే, ఆ సంవత్సరాన్ని తిరిగి తెరిచే గడువు ఉందో లేదో అధికారి చూసుకోవాలి.

పెళ్లయిన ఆడవాళ్లకు 500 గ్రాములు ఎలాగూ వదిలేస్తారు కదా, రుజువులెందుకు?

ఆ లెక్క 1994 మే 11న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 1916వ నంబరు సూచనది. పెళ్లయిన స్త్రీకి 500, పెళ్లికాని అమ్మాయికి 250, మగవాళ్లకు 100 గ్రాముల వరకు నగలను సోదాలో స్వాధీనం చేసుకోవద్దని అది అధికారులకు చెప్పింది. స్వాధీనం గురించే గానీ, అంతవరకు లెక్క అడగొద్దని అందులో లేదు. సర్వేలో స్వాధీనమే లేదు కాబట్టి "ఈ సూచన ఇక్కడ వర్తించదు" అనే అధికారులూ ఉంటారు.

అయినా అది పనికొస్తుంది. మన ఇళ్ల ఆచారాన్ని బట్టి ఆ మాత్రం బంగారం ఉండటం సహజమని బోర్డే ఒప్పుకున్నట్టు కదా అని గుజరాత్ హైకోర్టు రతన్‌లాల్ వ్యాపారీలాల్ జైన్ కేసులో అంది. అశోక్ చద్దా కేసులో ఢిల్లీ హైకోర్టు, పెళ్లయి పాతికేళ్లు దాటిన ఇంట్లో సుమారు 907 గ్రాములు అసాధారణం కాదంది. ఈ వాదన జవాబులో తప్పక ఉండాలి, కానీ చివర ఉండాలి. ముందు కాగితాలు, అవి చేరని చోట ఆచారం. మొదటి పేరాలోనే 500 గ్రాముల మాట ఎత్తితే చేతిలో రుజువులేమీ లేవని మీరే చెప్పినట్టవుతుంది. పరిమితిలోపు ఉన్నా రుజువులు జతచేయడం మానొద్దు. పరిమితి దాటినా భయపడనక్కర్లేదు, లెక్క చూపగలిగిన బంగారానికి గరిష్ఠ హద్దు లేదని 2016 డిసెంబరు 1న బోర్డే ప్రకటించింది.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక ఇల్లు ఊహించుకుందాం. ఎరువుల వ్యాపారి, 1999లో పెళ్లయిన భార్య, 1974లో పెళ్లయి ఇప్పుడు డెబ్బై దాటిన తల్లి, పెళ్లికాని ఇరవై ఒక్కేళ్ల కూతురు. కొట్టు ఇనప్పెట్టెలో దొరికిన నగల స్థూల బరువు 934 గ్రాములు. రాళ్లు, పూసలు, లక్క 74 గ్రాములు తీసేస్తే నికరం 860 గ్రాములు.

ముందు జాబితాలోని ప్రతి వరుసకూ ఒక మనిషి పేరు రాయాలి. ఈ ఇంట్లో అలా రాస్తే భార్యవి 445, తల్లివి 240, కూతురివి 130, యజమాని సొంత గొలుసూ ఉంగరాలూ 45 గ్రాములు తేలాయి. మొత్తం 860 సరిపోయింది. కాగితాల వేట దీని తర్వాతే. కాగితాలతో మొదలుపెట్టి నగలకు అతికించబోతే ఒకే బిల్లు రెండు నగలకు వాడేస్తారు, ఏ కాగితానికీ చెందని నగ ఒకటి మిగిలిపోతుంది.

అమ్మమ్మ, నానమ్మల నుంచి వచ్చిన బంగారానికి ఏ కాగితం చూపాలి?

మూడు విషయాలు చూపాలి: పోయినవారి దగ్గర ఆ బంగారం ఉండేదని, వారు పోయారని, అది ఇప్పుడున్న మనిషికి చేరిందని. రెండోదానికి మరణ ధ్రువీకరణ పత్రం, మూడోదానికి తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, వీలునామా లేదా పంపకాల కాగితం సరిపోతాయి. చిక్కంతా మొదటిదానితోనే.

అక్కడ చాలామంది గుర్తించని మంచి రుజువు పాత తాకట్టు కాగితం. పంటకో, పిల్లల ఫీజులకో బ్యాంకులో బంగారం పెట్టి అప్పు తీసుకోని ఇల్లు మన వైపు తక్కువ. ఆ అప్పు కాగితాల్లో అప్రైజరు ప్రతి నగ పేరు, స్థూల బరువు, నికర బరువు, తేదీ రాసి సంతకం చేస్తాడు. పన్ను కోసం కాకుండా, మీకు సంబంధం లేని మూడో మనిషి, ఎన్నో ఏళ్ల కిందట రాసిన తూకం అది. దాన్ని మించిన సాక్ష్యం దొరకడం కష్టం. అప్పు తీరిపోయినా సరే, ఖాతా నంబరుతో బ్రాంచికి అర్జీ పెట్టి నకలు అడగండి. నకలు దొరకకపోతే అప్పు ఖాతా స్టేట్‌మెంటైనా తీసుకోండి, కనీసం తేదీ నిలబడుతుంది.

మన ఉదాహరణలో తల్లి 2013లో తన పేరున బంగారం అప్పు తీసుకుంది. కాగితంలో తొమ్మిది నగలు, నికరం 238 గ్రాములు. సర్వే జాబితాలో అవే తొమ్మిది నగలు 240 గ్రాములు వచ్చాయి. ఆ రెండు గ్రాముల తేడా దాచకండి. కంటెలోని లక్కకు బ్యాంకు అప్రైజరు ఎక్కువ తీశాడు, సర్వే వాల్యుయరు తక్కువ తీశాడు అని ఒక వాక్యం రాస్తే చాలు. గ్రాము గ్రామూ అచ్చుగుద్దినట్టు కలిసిన జాబితాకన్నా, తేడాకు కారణం చెప్పిన జాబితానే నమ్ముతారు.

ఆ 240లో 100 గ్రాములు ఆమె పెళ్లినాటివి, 140 గ్రాములు 2008లో పోయిన ఆమె తల్లివి. వీలునామాలో "పన్నెండు తులాల బంగారు నగలు" అని ఉంది. ఇక్కడ జాగ్రత్త. ఇప్పుడు బజార్లో తులమంటే పది గ్రాములు, పాత తులం 11.66 గ్రాములు. పన్నెండు తులాలను పదితో హెచ్చిస్తే 120, పాత తూకంతో 140. మార్చిన లెక్క జవాబులో చూపించాలి, లేకపోతే అధికారి 120 వేసుకుని 20 గ్రాములు తేడా అంటాడు. కాసు, సవరం అని ఉంటే ఎనిమిది గ్రాములు.

ఇంకో రుజువు లాకరు. ఖాతాదారు చనిపోయాక నామినీకి లాకరు అప్పగించేటప్పుడు బ్యాంకు సాక్షుల ఎదుట లోపలి వస్తువుల జాబితా రాయాలి. ఆ జాబితా ఉంటే వారసత్వానికి వేరే కాగితం పెద్దగా అవసరం పడదు. పాత సంపద పన్ను రిటర్నులు, వాటికి జతచేసిన వాల్యుయరు నివేదికలు ఉన్నా అంతే. ఆ పన్ను 2015తో ముగిసింది గానీ కాగితాల విలువ పోలేదు.

ఏ కాగితమూ లేదు, అమ్మ మాట ఒక్కటే ఉంది. అఫిడవిట్ సరిపోతుందా?

ఒంటరిగా బలహీనమే, కానీ పనికిరానిది కాదు. అఫిడవిట్ ఇచ్చినవారిని పిలిచి ప్రశ్నించకుండా దాన్ని తోసిపుచ్చడం తప్పని మెహతా పారిఖ్ కేసులో సుప్రీంకోర్టు 1956లో చెప్పింది. అందుకని అఫిడవిట్‌తో పాటు "అవసరమైతే ఆమె హాజరవుతారు" అని రాయండి. నిజంగా పిలిస్తే ఆమె ఏ నగ ఎవరిచ్చారో తన మాటల్లో చెప్పగలగాలి. లాయరు రాసిచ్చిన ఇంగ్లిషు కాగితం మీద వేలిముద్ర వేయించి ఊరుకుంటే మొదటి ప్రశ్నకే అది కూలిపోతుంది. అఫిడవిట్ తెలుగులో రాయించి, ఇంగ్లిషు అనువాదం జతచేయడం మేలు.

దానికి తోడు ఫోటోలు. పెళ్లి ఆల్బంలో, షష్టిపూర్తి ఫోటోలో అదే వడ్డాణం, అదే చంద్రహారం కనిపిస్తే, ఇప్పటి నగ ఫోటో పక్కన పెట్టి జాబితాలోని వరుస నంబరు రాయండి. ఫోటో బరువు చెప్పదు, ఎప్పటినుంచి ఉందో చెబుతుంది.

ఒక హెచ్చరిక. పాత తేదీతో కొత్తగా కాగితం పుట్టించొద్దు. స్టాంపు కాగితం ఎప్పుడు అమ్మారో రికార్డు ఉంటుంది, సీరియల్ నంబరు పట్టుకుంటే దొరికిపోతారు. తప్పుడు సాక్ష్యం పన్ను గొడవ కాదు, క్రిమినల్ నేరం. ఈ రోజు రాసేది ఈ రోజు తేదీతోనే, "2008లో నోటిమాటగా జరిగిన పంపకాన్ని ఇప్పుడు రాసుకుంటున్నాం" అని రాయొచ్చు.

పెళ్లికి వచ్చిన నగలను ఎలా చూపాలి?

వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం పెళ్లిలో వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసుకోవాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం అందులో ఉండాలి, వధూవరులు సంతకం చేయాలి. చాలా ఇళ్లలో ఇది చట్టం కోసం కాదు, ఎవరేం పెట్టారో రేపు తిరిగి పెట్టాలి కాబట్టి చదివింపుల పుస్తకంలో రాసి ఉంటుంది. అదీ పనికొస్తుంది. మన ఉదాహరణలో భార్యకు 1999లో 300 గ్రాములు అలాంటి జాబితాతో తేలాయి, దానికి ఆమె తండ్రి నగలు చేయించిన దుకాణం బిల్లులు రెండు తోడయ్యాయి.

జవాబులో "కట్నంగా ఇచ్చిన బంగారం" అని రాయొద్దు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. ఒక పన్ను జవాబులో దాన్ని మీ చేత్తో ఒప్పుకున్నట్టవుతుంది. నిజంగా పుట్టింటివారు ప్రేమతో పెట్టిన కానుకలైతే ఆ మాటే రాయండి.

ఎవరిచ్చిన కానుకకైనా పన్ను లేనట్టేనా?

కాదు. సొంత పెళ్లి సందర్భంగా ఎవరిచ్చినా పన్ను లేదు. మిగతా సందర్భాల్లో చట్టం చెప్పిన బంధువు ఇస్తేనే లేదు. ఇతరులిచ్చిన నగల విలువ ఏడాదికి 50,000 దాటితే మొత్తం ఆదాయమే. నగలకు ఈ నియమం 2009 అక్టోబరు 1 నుంచి ఉంది, అంతకుముందు వచ్చిన కానుకలకు ఈ గొడవ లేదు.

బంధువులెవరన్నది మన వరసలతో చూస్తే తికమక పడతారు. మేనమామ, మేనత్త, బాబాయి, పిన్ని, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వదిన, భార్య అన్నదమ్ములు చట్టంలో బంధువులే. మేనమామ కొడుకు కాదు. "మా బావ ఇచ్చాడు" అని రాస్తే ఆ బావ అక్క మొగుడా, మేనత్త కొడుకా అన్నదాని మీద పన్ను ఆధారపడుతుంది. అక్క మొగుడైతే పన్ను లేదు, మేనత్త కొడుకైతే ఉంది. అందుకని జవాబులో వరస పేరు కాకుండా "తల్లి సోదరుడు", "అక్క భర్త" అని విప్పి రాయండి.

ఓణీల వేడుక, సీమంతం, బారసాల పెళ్లి కిందకు రావు. మన ఉదాహరణలో కూతురికి 2017లో ఓణీల వేడుకకు మేనమామ 48 గ్రాముల హారం, అమ్మమ్మ 32 గ్రాముల గాజులు పెట్టారు. ఇద్దరూ బంధువులే కాబట్టి పన్ను లేదు. మేనమామ తన పేరున ఉన్న బిల్లు, డబ్బు కట్టిన బ్యాంకు పేజీ, పాన్‌తో ధ్రువీకరణ లేఖ ఇచ్చాడు. అమ్మమ్మ తన పాత గాజులనే ఇచ్చింది కాబట్టి ఆమె లేఖలో అవి తనకెలా వచ్చాయో కూడా రాయాలి. ఇచ్చినవారికి ఇవ్వగల స్తోమత ఉందా అని అధికారి తప్పకుండా చూస్తాడు.

నగల కానుకకు రిజిస్టర్డ్ పత్రం అక్కర్లేదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 ప్రకారం కదిలే వస్తువు చేతికి ఇవ్వడంతోనే కానుక పూర్తవుతుంది. "గిఫ్ట్ డీడ్ లేదు" అనే అభ్యంతరానికి ఇదే జవాబు.

కొనుగోలు బిల్లుల్లో ఎక్కడ దెబ్బతింటారు?

ముఖ్యంగా పాత బంగారం మార్పిడి దగ్గర. మన ఇంట్లో 2014 నుంచి 2022 దాకా నాలుగు బిల్లులున్నాయి, మొత్తం 170 గ్రాములు. అన్నీ భార్యవే. పెళ్లినాటి 300కి ఈ 170 కలిపితే 470, ఆమె జాబితాలో ఉన్నది 445 మాత్రమే, ఇంకా మిగులే కదా అని సంబరపడకూడదు. రెండు బిల్లుల్లో "పాత బంగారం" అనే వరుస కింద 60 గ్రాములు తీసేసి ఉన్నాయి. అవి పెళ్లినాటి నగలే. అంటే కొత్తగా వచ్చింది 110, మొత్తం 410. ఆ 60 గ్రాములను రెండుసార్లు లెక్కేసి జవాబిచ్చారో, బిల్లులోని ఆ వరుస చూసిన మరుక్షణం అధికారికి మీ మిగతా లెక్కల మీద కూడా నమ్మకం పోతుంది.

కరిగించి చేయించిన నగ పాత జాబితాలోని నగలా కనబడదు. "జాబితాలో గొలుసు ఉంది, ఇక్కడ హారం ఉంది" అనే అభ్యంతరానికి మార్పిడి బిల్లే జవాబు. అందుకే ఆ వరుసను దాచకండి, అదే మిమ్మల్ని కాపాడుతుంది.

డబ్బు ఎక్కడిదన్నది తర్వాతి ప్రశ్న. కార్డు, చెక్కు, ఫోన్ చెల్లింపు అయితే బ్యాంకు పేజీ మీద గీత గీసి జతచేయండి. నగదైతే వ్యాపారం నుంచి సొంత వాడకానికి తీసిన మొత్తం ఆ ఏడాది ఎంత చూపారో చూడండి. ఏడాదికి రెండు లక్షలు తీసినట్టు చూపి, అందులోనే ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, లక్షన్నర నగలు అంటే నిలవదు. సంపాదన లేని భార్య పేరున బిల్లు ఉంటే డబ్బు మూలం భర్త లెక్కల్లో కనిపించాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం దుకాణదారుకే నిషేధం కాబట్టి అలాంటి నగదు బిల్లు ఇంకో ప్రశ్నకు దారి తీస్తుంది.

తెల్లకాగితం మీద బరువు, మజూరీ రాసిన ఎస్టిమేట్ చీటీ బిల్లు కాదు. జీఎస్టీ నంబరు లేని ఆ చీటీ మీ దగ్గర దొరికితే, లెక్కలోకి రాని నగదుతో కొన్నారనడానికి అదే సాక్ష్యమవుతుంది. నెలనెలా కట్టిన నగల పథకం పాస్‌బుక్ ఉంటే మాత్రం గట్టి రుజువు, వాయిదాల తేదీలన్నీ అందులో ఉంటాయి.

నగ మీద ముద్రలు చూసి అధికారులు ఏమైనా పట్టుకుంటారా?

పట్టుకుంటారు, దీన్ని చాలామంది మరిచిపోతారు. హాల్‌మార్కు మన దేశంలో 2000లో మొదలైంది. ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ సంఖ్య 2021లో వచ్చింది. 2023 ఏప్రిల్ 1 తర్వాత అది లేకుండా హాల్‌మార్కు నగ అమ్మడానికి వీల్లేదు. "మా నానమ్మ పెళ్లినాటి గాజులు" అన్న వాటి లోపలివైపు హెచ్‌యూఐడీ ఉంటే కథ అక్కడితో ఆగిపోతుంది. జవాబు రాసేముందు ప్రతి నగనూ భూతద్దంతో చూడండి. ముద్ర ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి, వచ్చిన వివరాలు మీ వివరణతో కలుస్తున్నాయో లేదో చూసుకోండి. పాతది కరిగించి చేయించిందైతే ఆ మాట మీరే ముందు రాయాలి.

ఇది మీకు అనుకూలంగానూ పనిచేస్తుంది. ఏ ముద్రా లేని, చేత్తో కొట్టిన, అరిగిన కాసులపేరు ఈ మధ్య పేరున్న దుకాణంలో కొన్నది కాదని చూడగానే తెలుస్తుంది. రిజిస్టర్డ్ వాల్యుయరు చేత "పాత పనితనం, అరుగుదల ఉంది" అని నివేదికలో రాయించుకోండి.

రుజువు దొరకని మిగులును ఏం చేయాలి?

మన లెక్కలో పెళ్లి జాబితా 300, తల్లివి 240, కొత్త కొనుగోళ్లు 110, కూతురి కానుకలు 80, వెరసి 730 గ్రాములకు కాగితాలున్నాయి. 130 మిగిలాయి: భార్య చిన్న నగలు 35, కూతురివి 50, యజమానివి 45. ఇప్పుడు 1994 సూచన మాట ఎత్తాలి. భార్య మొత్తం 445, పరిమితి 500. కూతురిది 130, పరిమితి 250. యజమానిది 45, పరిమితి 100. ఎవరూ దాటలేదు. తల్లికి మిగిలిన పరిమితిని మరొకరి నగలకు అరువివ్వడం కన్నా ఇలా మనిషివారీగా చూపడమే బలంగా ఉంటుంది.

అధికారి ఒప్పుకోకపోతే ఎంత పడుతుందో తెలిసి ఉండటం మంచిది. గ్రాము 9,000 అనుకుంటే 130 గ్రాములు 11,70,000. 1961 చట్టంలోని సెక్షన్ 115బీబీఈ కింద 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్సు కలిసి 78 శాతం, అంటే 9,12,600. దీని మీద మరో 70,200 జరిమానా రావొచ్చు. వ్యాపార నష్టాలతో సర్దుబాటు చేసుకునే వీలు లేదు. "చిన్న మొత్తమే కదా, ఒప్పేసుకుని వదిలించుకుందాం" అనేవాళ్లు ఈ గుణింతం చేసి చూడాలి.

సర్వే రోజు "ఆదాయంగా ఒప్పుకుంటున్నా" అని సంతకం పెట్టేశాను. ఇక అంతేనా?

అంతే కాదు. 133ఎ కింద ప్రమాణం చేయించే అధికారం లేదు. అలాంటి స్టేట్‌మెంటు ఒక్కటే ఆధారంగా ఆదాయం కలపరాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును ఖాదర్ ఖాన్ సన్ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఒప్పుకోళ్ల కోసం ఒత్తిడి చేయవద్దని బోర్డు కూడా 2003 మార్చి 10న అధికారులకు చెప్పింది. అయితే సెక్షన్ 131 కింద ప్రమాణం మీద రాసిన స్టేట్‌మెంటు సంగతి వేరు, ఏ సెక్షన్ అని ఉందో నకలులో చూడండి.

వెనక్కి తీసుకోవాలంటే ఆలస్యం చేయొద్దు. కాగితాలు దొరికిన వారంలోనే, ఫలానా నగలు ఫలానావారివని ఇప్పుడు రుజువులతో తేలిందని లేఖ ఇవ్వాలి. ఏడాది తర్వాత అసెస్‌మెంటులో మొదటిసారి ఆ మాట అంటే తర్వాత ఆలోచించి అల్లినట్టు కనబడుతుంది.

జవాబు పంపేటప్పుడు ఏ రూపంలో ఉండాలి?

సర్వే జాబితా వరుస నంబర్లనే మీ పట్టికకూ వాడండి, సొంత నంబర్లు పెట్టొద్దు. ఒక్కో వరుసలో నగ పేరు, స్థూల బరువు, నికర బరువు, ఎవరిది, ఎలా వచ్చింది, ఏ సంవత్సరం, ఏ అనుబంధం ఏ పేజీ అని ఉండాలి. ఒక వరుస ఇలా ఉంటుంది: "వరుస 7, కంటె, స్థూలం 52, నికరం 44 గ్రాములు, తల్లిది, ఆమె తల్లి నుంచి వారసత్వం, 2008, అనుబంధం 3 పేజీ 2 వీలునామా, అనుబంధం 4 పేజీ 1 బ్యాంకు తాకట్టు కాగితం నాలుగో నగ." అధికారి ఆ పేజీ తెరిచి అదే కంటె చూస్తే ఆ వరుస ముగిసినట్టే.

ఈ-ఫైలింగ్ పోర్టల్లో ఎక్కించేటప్పుడు ఒక్కో అనుబంధాన్ని విడి ఫైలుగా, పేజీ నంబర్లతో ఎక్కించండి. ఫోన్‌తో వంకరగా తీసిన, బరువులు చదవలేని ఫోటోలు పెట్టొద్దు. గడువులో కాగితం చేతికి రాకపోతే, బ్యాంకుకు పెట్టిన అర్జీ రసీదు జతచేసి గడువు పెంచమని అడగండి. అర్జీ రసీదు ఉంటే అధికారి కాదనడం కష్టం.

మీ కాగితాలు సర్వేలో వాళ్లే తీసుకెళ్లి ఉంటే, వాటి నకళ్లు రాతపూర్వకంగా అడగండి. మీ రుజువు వాళ్ల దగ్గరే ఉండగా రుజువు లేదనే మాట చెల్లదు.

కొన్ని రుజువులు అప్పీలు కోసం దాచుకోవచ్చా?

దాచుకోవద్దు. అసెస్‌మెంటులో ఇవ్వని సాక్ష్యాన్ని అప్పీలు కమిషనరు ముందు పెట్టాలంటే నియమం 46ఎ అడ్డొస్తుంది. అప్పుడెందుకు ఇవ్వలేకపోయారో తగిన కారణం చూపాలి. అడిగారు గానీ సమయం ఇవ్వలేదు, బ్యాంకు ఆలస్యం చేసింది లాంటివి ఒప్పుకుంటారు, "అప్పుడు దొరకలేదు" అంటే ఒప్పుకోరు. అప్పీలు వేయడానికి ఆర్డరు అందిన నాటి నుంచి ముప్పై రోజులు గడువు. ఆర్డరులో అధికారి మీ పట్టికలోని ఏ వరుసను ఎందుకు కాదన్నాడో వరుసవారీగా గుర్తుపెట్టుకుని, అప్పీలు కారణాలు కూడా అవే వరుస నంబర్లతో రాయండి. 860 గ్రాముల గొడవ చాలాసార్లు అప్పటికి రెండు మూడు వరుసలకు తగ్గిపోయి ఉంటుంది.